మైనస్ అని రాసిన ప్లస్

మీకొక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో కళ్ళు మండించే విషవాయువులున్నాయి, చీకటిగది ఉంది, ప్రాణస్నేహం ఉంది, నమ్మకద్రోహం ఉంది. చివర్లో న్యాయాధికారి ఎదుట ఒక నిర్దోషి తలవంచుకుని నేరం ఒప్పుకోవడం కూడా ఉంది.

నిజానికి అంత సీను లేదు. విషవాయువు మా ల్యాబ్ కిటికీ పక్కన ఒక గాజుగొట్టం చివర నుంచి వచ్చింది. చీకటిగది అంటే విరిగిన బెంచీలు పడేసిన స్టోర్‌రూముకి నల్ల గుడ్డ కట్టినది. న్యాయాధికారి పక్క జిల్లా కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు. నేరమేమో, ఒక ప్లస్ గుర్తులో నిలువు గీత లేకపోవడం. ఇంతకన్నా చిన్న నేరాన్ని నేను ఇంతవరకు చూడలేదు. ఇంతకన్నా పెద్ద శిక్షనూ చూడలేదు.

నంద్యాలలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి సెమిస్టరు. మా బ్యాచ్‌లో నేనూ, నా స్నేహితుడూ ఒకే బెంచీ. వాడు రోజూ ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వచ్చి పోయేవాడు. వాళ్ళ నాన్న, వాడి మాటలో అబ్బా, అక్కడ బైకులకూ ఆటోలకూ సీటు కవర్లు కుట్టే షాపు నడుపుతాడు. వాడు మా క్లాసులో అందరికన్నా బాగా చదివేవాడు. నేను అందరికన్నా బాగా మాట్లాడేవాణ్ణి. కాలేజీలో రెండోదానికే ఎక్కువ గౌరవం ఉంటుందని అప్పటికి వాడికి తెలియదు.

ఆ ఏడాది క్యాంపస్‌కి హైదరాబాదు మందుల కంపెనీ ఒకటి వచ్చి, మా బ్యాచ్ మొత్తంలో వాణ్ణొక్కడినే ఏరుకుంది. ట్రైనీ కెమిస్టు ఉద్యోగం. షరతు ఒకటే: జాయినింగ్ నాటికి ఏ పేపరూ, ఏ ప్రాక్టికలూ, ప్రాజెక్టూ మిగిలి ఉండకూడదు. మిగిలి ఉంటే ఆఫర్ లెటరు రద్దు. ఆ లెటరు ప్రింటు తీసి వాళ్ళ అబ్బా కుట్టుమిషను పైన గోడకి అంటించుకున్నాడు. రెగ్జిన్ అంటించే జిగురుతో. అంటే ఊడే అవకాశం లేదన్నమాట.

ప్రాజెక్టు ఇచ్చింది మా మేడం. ఆమె పీహెచ్‌డీ చేసిన ల్యాబులో మిగిలిపోయిన ఒక చిన్న సీసాని చాలా ఏళ్ళుగా బీరువాలో దాచిపెట్టుకుని ఉంది. అందులో ఉన్నది టూ-ఆక్టనాల్ అనే ఆల్కహాలు. తాగేది కాదు, ఆ సంగతి ల్యాబ్ అటెండరుకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మామూలు టూ-ఆక్టనాల్ అయితే కుడిచేతి అణువులూ ఎడమచేతి అణువులూ సగంసగం కలిసి ఉంటాయి. మేడం సీసాలో ఉన్నది ఒకే చేతి వాటం. అలాంటిదాన్ని పోలారిమీటరు అనే దుర్భిణిలాంటి యంత్రంలో పెట్టి చూస్తే, కాంతి కొన్ని డిగ్రీలు కుడికో ఎడమకో తిరుగుతుంది. కుడికి తిరిగితే ప్లస్, ఎడమకి తిరిగితే మైనస్. మా ఆల్కహాలు ప్లస్.

"ఇది ఇంకొకసారి దొరికేది కాదు," అంది మేడం. "ఇద్దరూ చెరిసగం తీసుకోండి. ఒలకబోస్తే మళ్ళీ నా దగ్గరకి రావద్దు."

పని ఏమిటంటే, ఆ ఆల్కహాల్లో ఉన్న ఓహెచ్‌ని, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటని, తీసేసి క్లోరిన్ పెట్టడం, ఆ క్రమంలో అణువు చేతివాటం ఉన్నట్టే ఉందా, తిరగబడిందా కనిపెట్టడం. ఒకే చోటికి ఇద్దరం రెండు దారుల్లో పోవాలి.

చిక్కంతా ఓహెచ్‌తోనే. దానికి పొమ్మంటే పోయే గుణం లేదు. రిటైరైన తర్వాత కూడా రోజూ ఆఫీసుకొచ్చి అదే కుర్చీలో కూర్చునే పెద్దమనిషి లాంటిది. మెడపట్టి గెంటలేం. శాలువా కప్పి, నాలుగు మంచిమాటలు చెప్పి, తనంతట తాను లేచి పోయేలా చెయ్యాలి. నా దారిలో ఆ శాలువా పేరు టోసైల్ క్లోరైడు. పిరిడిన్‌లో, చల్లగా ఉంచి దీన్ని కలిపితే, ఓహెచ్‌లో హైడ్రోజన్ పోయి, ఆ చోట టోసైల్ వచ్చి ఆక్సిజన్ మీద కూర్చుంటుంది. అప్పుడు దాన్ని టోసిలేట్ అంటారు. శాలువా కప్పేటప్పుడు పెద్దమనిషి కుర్చీలోంచి లేవడు. అంటే కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య బంధం తెగదు, కాబట్టి చేతివాటం మారదు. ఆ తర్వాత క్లోరైడ్ వెనకవైపు నుంచి వచ్చి గుద్దితే పెద్దమనిషి శాలువాతో సహా ముందునుంచి వెళ్ళిపోతుంది. అప్పుడు అణువు తిరగబడుతుంది. ప్లస్‌తో మొదలుపెట్టిన నాకు చివర్లో మైనస్ రావాలి.

వాడి దారి థయొనైల్ క్లోరైడు. అది పొగలు కక్కే ద్రవం. ఆల్కహాలుతో కలిస్తే ఒకేదెబ్బకి క్లోరైడ్ ఇస్తుంది. పక్కన హైడ్రోజన్ క్లోరైడు, సల్ఫర్ డయాక్సైడు గాలిలోకి పోతాయి. మా ల్యాబ్ ఎగ్జాస్ట్ ఫ్యాను తిరగదు కాబట్టి గాలిలోకి అంటే మా ఊపిరితిత్తుల్లోకి.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. టోసిలేషన్‌కి పిరిడిన్ ఇరవై అయిదు మిల్లీలీటర్లు సరిపోతుందని పుస్తకంలో ఉంది. నేను యాభై పోశాను. ఎందుకంటే ఇరవై అయిదు పోస్తుండగా ఫోన్ మోగింది, మాట్లాడుతూ పోశాను. కుళ్ళిన చేపల వాసన. అది చొక్కాకి పట్టి రెండు ఉతుకుల తర్వాత కూడా నాతోనే ఉంది. ఆ వారం నా పక్కన ఎవరూ కూర్చోలేదు. వాడు తప్ప.

మర్నాడు వాడు తన ప్రయోగానికి పిరిడిన్ అడిగితే అటెండరు ఖాళీ సీసా చూపించాడు.

"యాడిదప్పా పిరిడిను? మీవోడు నిన్ననే అంతా తాగిపాయ," అన్నాడు. "ఇండెంట్ పెట్టండి. రెండు నెల్లకు వస్తాది."

రెండు నెలల తర్వాత మాకు కాలేజీయే ఉండదు. వాడు నా వైపు చూశాడు. నేను వాసన పీల్చుకోమని చొక్కా చాచాను. నవ్వాడు. అప్పట్లో నేనేం చేసినా నవ్వేవాడు. అదీ నాకు పట్టిన శని.

మేడం ఆ రోజుల్లో పేపర్లు దిద్దే డ్యూటీకి పోతూ, పొద్దున అరగంట మాత్రం కాలేజీలో కనిపించేది. వాడు పరుగెత్తుకుంటూ పోయి అడిగితే, "డయాక్సేన్ ఉంది కదా, దాంట్లో చెయ్యి. ఏం చేశావో అదే రాయి," అని ఆటో ఎక్కేసింది. వాడు అలాగే చేశాడు. డయాక్సేన్‌లో ఆల్కహాలు, దాంట్లో బొట్టుబొట్టుగా థయొనైల్ క్లోరైడు. కిటికీ దగ్గర నిలబడి కర్చీఫు ముక్కుకి కట్టుకుని, గొట్టం చివర్ని కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళ మీద పెట్టుకుని, మధ్యాహ్నమంతా అక్కడే. ఏం చేశాడో అదే రికార్డులో రాశాడు. ఆ పేజీ మీద మర్నాడు పొద్దున మేడం సంతకం పెట్టింది. ఈ సంతకం సంగతి మళ్ళీ అవసరం పడుతుంది.

తర్వాతి వారం రీడింగులు. పోలారిమీటరు సోడియం దీపం పదిహేను నిముషాలు వేడెక్కితే గానీ పనికిరాదు. ఆ స్టోర్‌రూములో ఇద్దరం విరిగిన బెంచీ మీద కూర్చుని దీపం పసుపు రంగుకి తిరిగేదాకా ఎదురుచూశాం. ముందు వాడి శాంపిల్ పోసిన గొట్టం యంత్రంలో పెట్టాం. వాడు కన్ను ఆనించి చక్రం తిప్పి, తిప్పి, మళ్ళీ సున్నాకి తెచ్చి, మళ్ళీ తిప్పాడు.

"ప్లస్సు రా," అన్నాడు.

"సరిగ్గా చూడు. మైనస్ రావాల."

"మూడుసార్లు చూసినా. నువ్వు చూడు."

నేను చూశాను. ప్లస్సే. రెండు డిగ్రీల చిల్లర. గుడ్డివాడికి కూడా కుడివైపే కనబడేంత స్పష్టంగా.

మా కాలేజీలో ఒక సంప్రదాయం ఉంది. ప్రతి బ్యాచ్ పోతూపోతూ తన రికార్డులని కింది బ్యాచ్‌కి ఇచ్చిపోతుంది. వాటిలో బొమ్మలున్నాయి, లెక్కలున్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా రావాల్సిన రీడింగులున్నాయి. ప్రయోగం చేసి రీడింగు తెచ్చుకోవడం కాదు, రీడింగు ముందే తెలుసుకుని ప్రయోగాన్ని దాని దగ్గరకి తోలుకుపోవడం మా పద్ధతి. నా దగ్గర ఉన్న సీనియర్ రికార్డులో థయొనైల్ క్లోరైడు పేజీ కూడా ఉంది. దాంట్లో చక్కటి చేతిరాతతో మైనస్. కింద ఎర్ర సిరాతో ఫుల్ మార్కులు.

"చూడ్రా, ఈడ మైనస్ ఉండాది," అన్నాను.

వాడు ఆ పేజీ చదివాడు. "వాళ్ళు పిరిడిన్ ఏసినారు. నేను ఏయలే."

"అయితే ఏందీ?"

ఇక్కడ వాడు నాకు పాఠం చెప్పాడు. వాడికి ఇలాంటివి చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు, వాళ్ళ అబ్బా షాపు చాలు.

"కవరు లోపలిపక్క పైకి పెట్టి కుడతాం గదా. కుట్టినాక తిరగేస్తాం. ఎడంపక్కుండే కోత కుడిపక్కకి వస్తాది. పిరిడిన్ ఏస్తే అంతే. అది ఆ హెచ్‌సీఎల్‌ని పట్టుకుంటాది, అప్పుడు క్లోరైడ్ ఖాళీగా దొరుకుతాది, వెనకనుంచి వచ్చి గుద్దుతాది. ఒక్కసారి తిరగబడతాది. మైనస్."

"నీది?"

"నాకు డయాక్సేన్ ఉండాది. ముందు డయాక్సేన్‌లో ఆక్సిజనే వెనకనుంచి వచ్చి గుద్దుతాది. ఒకసారి తిరగబడింది. తర్వాత క్లోరైడ్ వచ్చి డయాక్సేన్‌ని వెనకనుంచి గుద్దుతాది. ఇంకోసారి తిరగబడింది. రెండుసార్లు తిరగేస్తే కవరు యాడికొస్తాది?"

"మొదటికే."

"అంతే. ప్లస్. నాది తప్పు కాదురా. ప్లస్సే రావాల."

వాడి ముఖం వెలిగిపోయింది. పదిహేను నిముషాలు వేడెక్కిన సోడియం దీపం కూడా అంత వెలగలేదు. వాడు రఫ్ నోటుబుక్కులో ప్లస్ అని పెద్దగా రాసి, చుట్టూ సున్నా చుట్టాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ నేనున్నాను కదా.

"నువ్వు చెప్పింది కరెక్టేరా," అన్నాను. "కానీ వచ్చే ఎక్స్‌టర్నల్‌కి ఇదంతా తెలుస్తాదా? ఆయప్ప ముప్పై రికార్డులు చూడాల. పోయినేటి రికార్డులో మైనస్ ఉంటే నీదాంట్లో ప్లస్ ఎందుకుంది అంటాడు. నువ్వు సీటు కవరు కథ మొదలుపెడతావు. ఆయప్పకి అన్నం టైం అవుతాంటాది. వాదన పెట్టుకున్నోనికి మార్కులేస్తారా యాడన్నా? నీకు ఉద్యోగం ఉండాది. నాకైతే పోయేదేం లేదు. మైనస్ రాసి పారెయ్. ఒక గీత తగ్గుతాది, సిరా కూడా మిగుల్తాది."

సిరా మాట దగ్గర వాడు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఆ సున్నా చుట్టిన ప్లస్ మీద వేలు పెట్టాడు.

"అబద్ధం గదరా," అన్నాడు.

"రికార్డంటేనే అబద్ధం గదరా. నువ్వొక్కనివే నిజం రాస్తే మిగతా అందరం ఏం కావాల?"

ఇది హాస్యంగా అన్నాను. హాస్యంగా అన్న మాటల్ని జనం ఆలోచించకుండా ఒప్పుకుంటారు. నాకున్న ఒకే ఒక్క విద్య అది. భయం వాడిదే, ఉద్యోగం వాడిదే, కానీ ఆ భయానికి మాటలు కట్టింది నేను. వాడు ఫెయిర్ రికార్డులో మైనస్ అని రాశాడు. మేడం పొద్దున అరగంటలో పదిహేడు రికార్డులతో పాటు దాని మీద కూడా సంతకం పెట్టింది.

ఇక నా రీడింగు. టోసిలేట్ బాగానే వచ్చింది, ప్లస్సే చూపించింది, శాలువా పద్ధతి ప్రకారం. దాని మీద లిథియం క్లోరైడుతో క్లోరిన్ పెట్టే రోజు మాత్రం ఫోన్‌లో మ్యాచ్ ఉంది. వేడి తగ్గించాల్సిన చోట తగ్గించలేదు. అలా వేడి ఎక్కువైతే క్లోరైడ్ వెనకనుంచి వచ్చి గుద్దే బదులు పక్కనున్న హైడ్రోజన్‌ని ఊడబెరుకుతుంది, ఆక్టీన్ తయారవుతుంది. దానికి చేతివాటం లేదు, కుడీ లేదు ఎడమా లేదు. డిస్టిల్ చేస్తే క్లోరైడ్ నూట డెబ్భై దగ్గర రావాలి. నా థర్మామీటరు నూట ఇరవై అయిదు దగ్గరే కూర్చుని లేవనంది. అంటే నా ఫ్లాస్కులో ఉన్నది దాదాపు ఆక్టీనే. పోలారిమీటరులో పెడితే సున్నాకి కొంచెం అటు, కొంచెం ఇటు. నేను రెండోసారి చూడలేదు. సీనియర్ రికార్డు తెరిచి, అక్కడున్న మైనస్ రీడింగులో చివరి అంకె ఒక్కటి మార్చి రాసుకున్నాను. నిజాయితీకి నేను చూపించిన గౌరవం ఆ చివరి అంకె ఒక్కటే.

వైవా రోజు. ఇద్దరిదీ ఒకే ఆల్కహాలు కాబట్టి ఇద్దర్నీ కలిపి పిలిచారు. నల్లబల్ల ముందు ఒక టేబులు, అటువైపు ఎక్స్‌టర్నల్, పక్కన మేడం. ఆయన సన్నటి గొంతు మనిషి. కోపిష్ఠి అయితే బాగుండేది. కోపిష్ఠిని నవ్వించే మార్గాలు నాకు తెలుసు.

ముందు నా రికార్డు తిప్పాడు. "టోసిలేట్ ప్లస్ ఎందుకుంది బాబూ?"

"కార్బన్-ఆక్సిజన్ బంధం తెగలేదు సార్."

"క్లోరైడ్ మైనస్ ఎందుకు?"

"వెనకనుంచి దాడి సార్. ఇన్వర్షన్."

"చాలా బాగుంది," అని తల ఊపాడు. దాదాపు సున్నా చూపించిన నా శాంపిల్ గురించి నేను చెప్పిన ప్రతి ముక్కా పుస్తకం ప్రకారం కరెక్టే. అందుకే పాసైంది.

తర్వాత వాడి రికార్డు. ఆయన వరసగా చదివాడు. మా కాలేజీకి వచ్చిన ఎక్స్‌టర్నల్స్‌లో పేజీలు చదివినవాడు బహుశా ఆయనొక్కడే. వాడి అదృష్టం.

"పిరిడిన్ వేశావా?"

"లేదు సార్. స్టాక్ లేదు. డయాక్సేన్‌లో చేసినా."

"డయాక్సేన్‌లో మెకానిజం చెప్పు."

వాడు లేచి బోర్డు మీద వేశాడు. ముందు ఆల్కహాలు థయొనైల్ క్లోరైడుతో కలిసి క్లోరోసల్ఫైట్ కావడం, అప్పటికి బంధం తెగకపోవడం, డయాక్సేన్ వెనకనుంచి రావడం, ఒకటి. క్లోరైడ్ వెనకనుంచి రావడం, రెండు. సల్ఫర్ డయాక్సైడు పైకి పోవడం. బాణాలన్నీ సరైన చోట. ఎక్స్‌టర్నల్ ముందుకి వంగాడు. అంత అందమైన బోర్డు ఆయన ఆ ఏడాది చూసి ఉండడు.

"భేష్. అంటే మొత్తం మీద?"

"రిటెన్షన్ సార్. ఉన్న చేతివాటం ఉన్నట్టే."

"మరి రెండుసార్లు తిరగబడితే," ఆయన వేలు రికార్డు పేజీ మీద పెట్టాడు, "ఇక్కడ మైనస్ ఎట్లా వచ్చింది?"

సంతకం సంగతి ఇదే. ప్రయోగం రాసిన పేజీ మీద డయాక్సేన్ అని, కింద మేడం సంతకం. రీడింగు రాసిన పేజీ మీద మైనస్ అని, కింద మేడం సంతకం. నేను మార్పించింది ఒక గీతనే. రెండో పేజీ గురించి నాకు ఆలోచనే రాలేదు. సీనియర్ రికార్డులో ఏ పేజీకి ఆ పేజీ చూసుకోవడం తప్ప నేనెప్పుడూ రెండు పేజీలు కలిపి చదివింది లేదు.

వాడు చాక్‌పీసు బోర్డు అంచున పెట్టాడు. మేడం తల ఎత్తలేదు. ఫ్యాను కింద రికార్డు పేజీలు లేచి పడుతున్నాయి.

"ప్లస్ వచ్చింది సార్," అన్నాడు. "నేనే మైనస్ రాసినా."

"ఎందుకు?"

"భయమేసి సార్."

"ఎవరన్నా చెప్పారా?"

వాడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను ఏదో ఒకటి అని ఉండేవాణ్ణని చాలారోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నేను కుర్చీ అంచు పట్టుకుని బోర్డు మీద బాణాల్ని చూస్తున్నాను, అవి నావి కాకపోయినా.

"లేదు సార్. నేనే."

వాడు బ్యాగులోంచి రఫ్ నోటుబుక్కు తీసి, సున్నా చుట్టిన ప్లస్ చూపించాడు. ఎక్స్‌టర్నల్ దాన్ని తిప్పి తిప్పి చూసి, "దీనిమీద ఎవరి సంతకమూ లేదు కదా బాబూ," అన్నాడు.

"శాంపిల్ ఉండాది సార్. సీసాలో. మీరే పెట్టి చూడండి."

"చూస్తే ప్లస్సే వస్తుంది. నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను." ఆయన నిజంగానే బాధపడ్డాడు. అదే ఇంకా దరిద్రం. "కానీ చూసినంత మాత్రాన రికార్డులో ఉన్నది మారదు. నీకు తెలియక తప్పు రాసి ఉంటే సగం మార్కులన్నా ఇచ్చేవాణ్ణి. తెలిసి రాశావు. కెమిస్టుగా పోయేవాడివి. రేపు అక్కడ మందు సీసా మీద ఇట్లాగే రాస్తావా?"

ప్రాజెక్టు ఫెయిల్. తెలియనివాడు పాస్, తెలిసినవాడు ఫెయిల్. బయటికి వచ్చాక వాడు నాతో అన్నది ఒకటే మాట: "బస్సు టైమైంది."

రెండు రోజులకి నేను ఉత్తరం రాశాను. నమ్మండి, రాశాను. వాణ్ణి మార్చమన్నది నేనేననీ, నా రీడింగు కూడా కాపీయేననీ. ఒక పేజీన్నర, జోకుల్లేకుండా. తీసుకుపోయి మేడం ముందు పెట్టాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది.

"ఇప్పుడు ఇది ఇస్తే ఏమవుతుందో తెలుసా?" అంది. "వాడి మార్కులు పెరగవు. రాసింది వాడి చెయ్యే. నీవి పోతాయి. నా సంతకాలు రెండూ బయటపడతాయి. వచ్చే ఏడాది నుంచి ఈ కాలేజీకి ప్రాజెక్టు ఉంటుందో లేదో కూడా తెలియదు." కాగితాన్ని నా వైపు తోసింది. "నీ ఇష్టం. ఇవ్వాలంటే ప్రిన్సిపాల్ రూములో ఇవ్వు. నాకు కాదు."

ఆమె మాటల్లో తప్పు లేదు. చెడ్డ మాటలకి ఉన్న గొప్పతనం అదే, వాటిలో లెక్క ఎప్పుడూ సరిపోతుంది. నేను ప్రిన్సిపాల్ రూము ముందు దాకా పోయాను. ఆయన లోపలే ఉన్నాడు. ఖాళీగానే ఉన్నాడు. నేను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని టీ తాగడానికి పోయాను. టీ బాగాలేదు.

రిజల్టు వచ్చిన వారానికి ఆళ్ళగడ్డ పోయాను. షాపు బస్టాండుకి దగ్గరే. వాళ్ళ అబ్బా మిషను మీద, వాడు కింద కూర్చుని పాత సీటు నుంచి పిన్నులు పీకుతున్నాడు. గోడ మీద లెటరు లేదు. జిగురు మాత్రం నాలుగు మూలలా కాగితం ముక్కలతో సహా ఉండిపోయింది.

"రాప్పా," అన్నాడు వాళ్ళ అబ్బా. మిషను ఆపలేదు. "నువ్వు పాసైనావంట గదా. మంచిది. మావోడు యాడనో మైనస్ కొట్టినాడంట. నాకైతే అర్థం కాలే. కవరు కొలతలో వాడు ఒక్కనాడు తప్పు చేయలేదు."

నేను ఏదో నవ్వబోయాను, రాలేదు. వాడు పిన్నులు పీకుతూనే ఉన్నాడు.

"కంపెనీవాళ్ళు ఏమన్నారు?" అడిగాను.

"ఫోన్ చేసినా. సారీ అన్నారు. ఆ సీటు ఇంకొకనికి ఇచ్చినారంట."

"నేను లెటరు రాసినా రా. అంతా నాదే అని."

"ఇచ్చినావా?"

"లేదు."

పిన్ను ఒకటి ఎగిరి నా చెప్పు దగ్గర పడింది. వాడు దాన్ని తీసి డబ్బాలో వేశాడు.

"అయితే యాలరా చెప్తాండావు?" అన్నాడు. గొంతు పెంచలేదు. "రాసి ఇయ్యకపోయేదానికి, రాయకపోయేదానికి నాకేం తేడా? నీకు తేడా ఉండొచ్చు. అది నాకు చెప్పొద్దు. నా శాంపిల్ సీసా ల్యాబులో ఉండాదా?"

"అటెండరు సింకులో పోసి కడిగేసినాడంట. రిజల్టొచ్చినాక అన్నీ కడుగుతారు."

వాడు పిన్నులు పీకడం ఆపాడు. అంతవరకు తిట్టలేదు, అప్పుడు కూడా తిట్టలేదు. వాడి ముఖంలో ఏం జరిగిందో రాయాలని నాలుగుసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ నా చెయ్యి ఒక జోకు వేస్తోంది. అందుకని రాయడం లేదు.

"తిట్రా," అన్నాను. "ఒక దెబ్బన్నా కొట్టు."

"కొడితే నీకు బాగుంటాది," అన్నాడు. "నేను కొట్టను." తర్వాత లేచి చేతులు దులుపుకుని, వాళ్ళ అబ్బాకి వినబడకుండా అన్నాడు: "సప్లిమెంటరీ కట్టాల్నంటే ఏం చేయాల? అది చెప్పు. దానికన్నా పనికిరా."

వాడితో నాకు జరిగిన చివరి నిజమైన సంభాషణ అదే. ఆ తర్వాత కూడా మాట్లాడుకున్నాం, పండగలకి మెసేజీలు పెట్టుకున్నాం. ఇప్పుడు నేను నంద్యాలలోనే ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. పిల్లలకి ఇన్వర్షన్ చెప్పేటప్పుడు గొడుగు ఉదాహరణ చెబుతాను. సీటు కవరు ఉదాహరణ దానికన్నా బాగుంటుంది. చెప్పను. ఆ ఒక్కటీ కాపీ కొట్టలేదు.

ఆళ్ళగడ్డలో వాడు అడిగిన ఆ రోజు మాత్రం నేరుగా బస్సెక్కి కాలేజీ ఆఫీసుకి పోయి కనుక్కుని, వాడికి ఫోన్ చేసి చెప్పాను. ప్రాజెక్టుకి సప్లిమెంటరీ విడిగా పెట్టరు. వచ్చే ఏడాది నాలుగో సెమిస్టరు పిల్లలతో కలిపి పెడతారు. ఫారం పదిన్నర నుంచి ఒంటిగంట లోపల, క్యాండిడేటు స్వయంగా వచ్చి తీసుకోవాలి. రెండు ఫోటోలు తేవాలి.